వరుసలో ముందుకు జరిగిన రీపోలరైజేషన్: ఒక విద్యార్థిని కేసు

ఇది శ్రీకాకుళంలోని ఒక జూనియర్ కళాశాలలో బైపీసీ చదివిన విద్యార్థిని కేసు. ఎవరో గుర్తుపట్టే వీలు లేకుండా ఆమె సొంత ఊరు, కుటుంబం, చదివిన సంవత్సరం వంటి వివరాలు తీసివేశాను. నాడీ ప్రచోదనంలో జరిగే సంఘటనలను వరుసలో అమర్చమని అడిగే ప్రశ్నల్లో, సోడియం చానళ్ళు తెరుచుకోవడానికి ముందే రీపోలరైజేషన్‌ను, అంటే పొర లోపలి వైపు తిరిగి రుణావేశితం కావడాన్ని, పెట్టి మార్కులు పోగొట్టుకునే విద్యార్థులు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఆ పొరపాటు వెనుక ఉన్న ఆలోచన ఈ అమ్మాయి విషయంలో బయటపడినంత స్పష్టంగా మరెవరి విషయంలోనూ బయటపడలేదు. జంతుశాస్త్రం బోధించే తోటి అధ్యాపకులకు పనికివస్తుందని, ప్రతి దశలో ఏమి ఆలోచించి ఏమి చేశామో వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

విద్యార్థిని పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో, ఇంటర్ ఇంగ్లీషు మాధ్యమంలో చదివింది. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం రెండింటిలోనూ మంచి మార్కులే వచ్చేవి. నాడీ వ్యవస్థ పాఠంలో నాడీకణ నిర్మాణం, సినాప్స్, మెదడు భాగాలు అన్నీ తప్పు లేకుండా రాసేది. ప్రచోదనం ఎలా పుడుతుందో వ్యాసరూపంలో రాయమన్నా ఫరవాలేకుండా రాసేది. వరుస అడిగే బహుళైచ్ఛిక ప్రశ్న దగ్గరే ఆగిపోయేది. నీట్ తరహా పరీక్షలో సరైన జవాబుకు 4 మార్కులు వస్తాయి, తప్పు జవాబుకు 1 మార్కు పోతుంది. అందువల్ల తెలిసిన పాఠంలోనే తప్పు పోవడం ఆ అమ్మాయిని బాగా కలవరపెట్టింది.

సమస్య కనిపించిన తీరు

మేము వారాంతపు పరీక్షలో ఇచ్చిన ప్రశ్న దాదాపు ఇలా ఉంది. ఆక్సాన్ మీద ఒక బిందువు వద్ద తగినంత ఉద్దీపన అందింది. కింది సంఘటనలను జరిగే వరుసలో అమర్చండి.

క. పొటాషియం అయాన్లు బయటికి పోయి రీపోలరైజేషన్ జరగడం
చ. వోల్టేజిని బట్టి పనిచేసే సోడియం చానళ్ళు తెరుచుకోవడం
ట. సోడియం లోపలికి దూసుకురావడంతో పొర లోపలి వైపు ధనావేశం రావడం
త. సోడియం చానళ్ళు నిష్క్రియం కావడం, వోల్టేజిని బట్టి పనిచేసే పొటాషియం చానళ్ళు తెరుచుకోవడం

సరైన వరుస చ, ట, త, క. విద్యార్థిని గుర్తించినది క, చ, ట, త. తరువాతి పరీక్షలో పదాలు మార్చి ఇచ్చినా ఆమె ఎంచుకున్నది అదే వరుస. చదవకపోవడం వల్ల జరిగే తప్పు అయితే ఒక్కోసారి ఒక్కో వరుస రావాలి. ఇక్కడ ప్రతిసారీ ఒకే వరుస వస్తోంది. అంటే ఆమె తలలో ఏదో ఒక పద్ధతి ఉంది, దాని ప్రకారమే జవాబు గుర్తిస్తోంది.

మొదట ప్రయత్నించినవి, అవి ఫలించకపోవడం

వరుస తప్పినప్పుడు ఎవరైనా మొదట చేసే పనే చేశాం. విశ్రాంతి, ఉద్దీపన, సోడియం లోపలికి, పొటాషియం బయటికి, మళ్ళీ విశ్రాంతి అని ఒక చిన్న వాక్యంగా కట్టి కంఠస్థం చేయించాం. మరుసటి పరీక్షలో అదే మాటలతో వచ్చిన ప్రశ్నకు సరిగా గుర్తించింది. ‘పొటాషియం బయటికి’ అనే మాట తీసేసి ‘పొర లోపలి వైపు తిరిగి రుణావేశితం కావడం’ అని ఇవ్వగానే, దాన్ని మళ్ళీ మొదటి స్థానానికి తెచ్చింది. కంఠస్థం చేసిన వాక్యం పదాలను పట్టుకుంది తప్ప ఆలోచనను తాకలేదు. పైగా ఆ వాక్యం మొదట్లోనూ చివర్లోనూ ‘విశ్రాంతి’ ఉంది. అది ఆమె తప్పుకు ఎంత ఆసరా ఇచ్చిందో తరువాత గాని అర్థం కాలేదు.

రెండో ప్రయత్నం గ్రాఫ్. నిలువు అక్షం మీద మిల్లీవోల్టులు, అడ్డంగా కాలం తీసుకుని యాక్షన్ పొటెన్షియల్ గీయమన్నాం. చక్కగా గీసింది. −70 దగ్గర బల్లపరుపు గీత, −55 దగ్గర త్రెషోల్డ్, అక్కడి నుంచి నిటారుగా +30 వరకు ఎక్కుడు, తరువాత దిగుడు, −70 కన్నా కొంచెం కిందికి జారి మళ్ళీ సర్దుకోవడం, అన్నీ సరిగ్గా ఉన్నాయి. దిగుతున్న గీత పక్కన ‘రీపోలరైజేషన్’ అని కూడా రాసింది. ఆ కాగితం పక్కన పెట్టి వరుస ప్రశ్న ఇస్తే మళ్ళీ క, చ, ట, త.

గ్రాఫ్ సరిగ్గా వచ్చి వరుస తప్పడం నన్ను బాగా ఆలోచింపజేసింది. గ్రాఫ్‌లో భాగాల పేర్లు తెలియడం, ఒక భాగం వల్ల తరువాతి భాగం ఎందుకు వస్తుందో తెలియడం వేరువేరు విషయాలు. బొమ్మ నుంచి వరుసను చదువుకోవాలంటే గీతలో ప్రతి మలుపు దగ్గర ఏ చానల్ ఏ స్థితిలో ఉందో కూడా తెలియాలి. ఆమె బొమ్మను బొమ్మగానే నేర్చుకుంది.

తప్పు జవాబును మళ్ళీ చదవడం

ఈ దశలో కొత్తగా ఏదో చెప్పడం ఆపి, ఆమె పాత జవాబులన్నీ ముందు పెట్టుకుని చూశాను. క, చ, ట, త అనే వరుసను సరైన వరుస పక్కన రాసుకుంటే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపించింది. చ తరువాత ట, ట తరువాత త అన్న భాగం చెక్కుచెదరలేదు. క మాత్రమే చివరి నుంచి మొదటికి వచ్చింది. ఈ నాలుగింటిని గుండ్రంగా రాస్తే ఆమె వరుస, సరైన వరుస ఒకే వలయం. మొదలుపెట్టిన చోటు ఒక్కటే తేడా.

వరుస ప్రశ్నల్లో తప్పులను సరిదిద్దేటప్పుడు ఈ పరిశీలన చాలా విలువైనదని నా అభిప్రాయం. సంఘటనలు చెల్లాచెదరుగా పడితే పాఠం మళ్ళీ చెప్పాలి. వలయం సరిగ్గా ఉండి మొదలు మాత్రమే జరిగితే పాఠం మొత్తం మళ్ళీ చెప్పినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే చెప్పినదంతా ఆ వలయంలో ఇప్పటికే ఉంది. విద్యార్థి ఎక్కడ మొదలుపెడుతున్నాడో, అక్కడే ఎందుకు మొదలుపెడుతున్నాడో అడగాలి.

దానికి రెండు కారణాలు ఉండవచ్చని అనుకున్నాను. ఒకటి, ప్రశ్న ఎక్కడ మొదలవుతోందో ఆమె సరిగా చదవకపోవచ్చు. రెండు, ఉద్దీపనకు ముందే పొటాషియం బయటికి పోయి రీపోలరైజేషన్ జరుగుతుందని ఆమె నిజంగానే నమ్ముతూ ఉండవచ్చు. ఈ రెండింటిని విడదీయడానికి ఒక చిన్న మార్పు సరిపోయింది. అదే ప్రశ్నలో ‘ప. ఉద్దీపన అందడం’ అని ఐదో సంఘటన చేర్చి ఇచ్చాను. చదవడంలో లోపమే అయితే ప మొదటి స్థానంలోకి వచ్చి, క దానంతట అదే చివరికి పోవాలి. ఆమె రాసినది క, ప, చ, ట, త. ఉద్దీపన కన్నా ముందు కూడా రీపోలరైజేషన్‌నే పెట్టింది. రెండో కారణమే నిజమని తేలింది.

అప్పుడు అడిగాను: “ఉద్దీపన రాకముందే పొటాషియం ఎందుకు బయటికి పోతుందమ్మా?”

“పోతాది కదండి మాస్టారూ. అది పోబట్టే కదండి లోపల మైనస్ డెబ్బై అయింది. పొర పొటాషియాన్ని వదుల్తాది, సోడియాన్ని రానివ్వదు అని మీరే చెప్పినారు.”

ఆమె చెప్పినదానిలో తప్పేమీ లేదు. విశ్రాంతిలో ఉన్న నాడీకణ పొరలో ఎప్పుడూ తెరిచి ఉండే పొటాషియం లీక్ చానళ్ళు ఉంటాయి. వాటి గుండా పొటాషియం బయటికి జారడం వల్లనే లోపలి వైపు రుణావేశం ఏర్పడి, రెస్టింగ్ పొటెన్షియల్ సుమారు −70 మిల్లీవోల్టుల దగ్గర నిలుస్తుంది. పాఠంలో పొటాషియం బయటికి పోవడం అనే మాట రెండు చోట్ల వస్తుంది. ఒకసారి విశ్రాంతిని వివరించేటప్పుడు లీక్ చానళ్ళ ద్వారా, రెండోసారి రీపోలరైజేషన్‌ను వివరించేటప్పుడు వోల్టేజిని బట్టి పనిచేసే చానళ్ళ ద్వారా. రెండు చోట్లా ఫలితం ఒకటే: లోపల మైనస్. అందువల్ల ఆమె ఈ రెండింటిని ఒకే సంఘటనగా కలిపేసుకుంది. పొటాషియం బయటికి పోయి లోపల మైనస్ అయ్యేదే రీపోలరైజేషన్ అయితే, అది ఉద్దీపనకు ముందే ఉండాలన్న ఆమె తర్కం సరిగ్గానే నడిచింది. ఇంత తర్కం ఉన్న జవాబును కంఠస్థంతో కదిలించాలనుకోవడం వల్లనే మొదటి ప్రయత్నాలు వృథా అయ్యాయి.

ఫలించిన పద్ధతి

చేయవలసిన పని రెండుగా విడిపోయింది. మొదటిది, రెండు పొటాషియం దారులను ఆమె ఆలోచనలో వేరు చేయడం. రెండోది, సంఘటనలను జ్ఞాపకంతో కాకుండా ఒకదాని నుంచి ఒకటి పుట్టేలా అమర్చే అలవాటు చేయించడం.

మొదటి పనికి హిరమండలం దగ్గర వంశధార మీద ఉన్న గొట్టా బ్యారేజీని చెప్పాను. ఆమె చూసిన బ్యారేజీయే. గేట్లు దించి ఉన్నప్పుడు కూడా అంచుల వెంట కొంత నీరు కారుతూనే ఉంటుంది. పైనుంచి వరద వచ్చి నీటిమట్టం పెరిగినప్పుడు గేట్లు ఎత్తితే పోయే నీరు వేరు. రెండూ దిగువకు పోయే నీరే, కాని మొదటిది ఎప్పుడూ ఉండేది, రెండోది మట్టం పెరిగాక మాత్రమే జరిగేది. వరుస ప్రశ్నలో అడిగేది గేట్లు ఎత్తడం గురించి. వరద రాకుండా గేట్లు ఎత్తరు. పోలిక ఇంతవరకే పనికివస్తుంది, ఎందుకంటే బ్యారేజీ గేట్లను మనుషులు ఎత్తుతారు, చానల్ తెరుచుకునేది పొర మీది వోల్టేజి మార్పు వల్ల. అందుకని వెంటనే అంకెల్లోకి వెళ్ళాం.

ఒక సంఖ్యను తనే లెక్కకట్టేలా చేశాను. పొటాషియం సమతౌల్య పొటెన్షియల్‌ను −90 మిల్లీవోల్టులుగా తీసుకున్నాం. కణాన్ని బట్టి ఇది కొంత మారుతుంది, లెక్క కోసం ఈ విలువ చాలు. పొటాషియాన్ని బయటికి నెట్టే బలం అంటే పొర మీద ఉన్న వోల్టేజికి, ఈ సమతౌల్య విలువకు మధ్య తేడా.

విశ్రాంతిలో: −70 − (−90) = 20 మిల్లీవోల్టులు
శిఖరం దగ్గర: +30 − (−90) = 120 మిల్లీవోల్టులు

ఈ రెండు వరుసలు రాశాక ఆమె కొంతసేపు కాగితం వైపే చూసింది. విశ్రాంతిలో పొటాషియం పోతున్నా దాని వెనుక ఉన్న నెట్టుడు కొద్దిపాటిదే. ఆ కొద్దిపాటి ప్రవాహాన్ని లోపలికి జారే కొంచెం సోడియం, మెల్లగా నడిచే పంపు సరిచేస్తూ ఉంటాయి గనుక వోల్టేజి −70 దగ్గరే ఉంటుంది. సోడియం వచ్చి లోపలి వైపును +30కి చేర్చిన తరువాత నెట్టే బలం ఆరు రెట్లవుతుంది, పైగా అప్పుడే కొత్త పొటాషియం చానళ్ళు కూడా తెరుచుకుంటాయి. వోల్టేజిని 100 మిల్లీవోల్టులు కిందికి దించగలిగే ప్రవాహానికి కావలసిన పరిస్థితిని సోడియమే తయారుచేస్తుందని ఆ రెండు వరుసల నుంచి ఆమె తనంతట తానే చెప్పింది.

రెండో పనికి పాత నోటుపుస్తకాల అట్టలు కత్తిరించి ముక్కలు చేశాం. ఒక్కో ముక్క మీద ఒక సంఘటన, దాని కింద రెండు అంకెలు: ఆ సంఘటనకు ముందు పొర వోల్టేజి ఎంత, తరువాత ఎంత. నియమం ఒక్కటే. ఒక ముక్క మీది ‘ముందు’ అంకె, దాని ఎడమ పక్కన ఉన్న ముక్క మీది ‘తరువాత’ అంకెతో కలవాలి.

ఉద్దీపన ముక్క మీద −70 నుంచి −55. సోడియం చానళ్ళు తెరుచుకోవడం −55 దగ్గర జరుగుతుంది. తెరుచుకోవడమనే క్షణంలో వోల్టేజి ఇంకా మారదు గనుక ముందూ తరువాతా −55. సోడియం లోపలికి రావడం −55 నుంచి +30. సోడియం చానళ్ళు నిష్క్రియమై పొటాషియం చానళ్ళు తెరుచుకోవడం +30 దగ్గర. ఇక రీపోలరైజేషన్ ముక్క మిగిలింది. “దీనికి ముందు ఎంత?” అని అడిగితే అలవాటుగా −70 అంది. “తరువాత?” అంటే అదీ −70 అంది. అక్కడే ఆగింది. ముందూ తరువాతా ఒకే అంకె ఉంటే పొర ఏ స్థితి నుంచి తిరిగి వచ్చినట్టు అని ఆమెకే సందేహం వచ్చింది. అంకె కొట్టేసి +30 నుంచి −70 అని రాసింది. అలా రాసిన ముక్కను మొదటి స్థానంలో పెట్టే వీలే లేదు, ఎందుకంటే విశ్రాంతిలో ఉన్న పొర మీద +30 ఎక్కడా లేదు.

ఈ ముక్కలాట ఎందుకు పనిచేసిందో చెప్పాలి. గ్రాఫ్‌లో కూడా ఇవే అంకెలు ఉన్నాయి, కాని గ్రాఫ్ మొత్తాన్ని ఒకేసారి చూపిస్తుంది, ఏ భాగాన్నీ పట్టుకుని పక్కకు జరిపే వీలుండదు. ముక్కను తప్పు చోట పెట్టినప్పుడు అంకెలు కలవవు, తప్పును విద్యార్థి కళ్ళే పట్టుకుంటాయి, మాస్టారు చెప్పనవసరం లేదు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పొటాషియం చానళ్ళను తెరిచేది కూడా డీపోలరైజేషనే, అంటే పొర లోపలి రుణావేశం తగ్గడమే. అవి నెమ్మదిగా స్పందించడం వల్ల శిఖరం చేరేసరికి గాని చాలినన్ని తెరుచుకోవు. ముక్క మీద +30 అని రాయడం బోధనకు చేసిన సరళీకరణ. చురుకైన పిల్లలు అడిగితే ఈ సంగతి దాచకూడదు.

చానల్ మూసి చూడడం

వరుస కుదిరిన తరువాత అది నిజంగా కారణాల మీద నిలబడిందా అని చూడాలి. అందుకు ఏదో ఒక చానల్‌ను మూసేస్తే ఏమవుతుందో అడగడం మంచి మార్గం. పన్ను తీసే ముందు చిగురుకు ఇచ్చే ఇంజక్షన్‌లో సాధారణంగా లిడోకైన్ ఉంటుంది, అది వోల్టేజిని బట్టి పనిచేసే సోడియం చానళ్ళను అడ్డుకుంటుంది. విద్యార్థినిని ఇలా అడిగాను: రీపోలరైజేషన్ ముందు జరిగేదే అయితే, సోడియం చానళ్ళు మూసుకుపోయిన ఆ నాడిలో కూడా అది జరగాలి కదా, జరుగుతుందా? ముక్కలు మళ్ళీ పేర్చుకుని, సోడియం ముక్కను తీసేసి చూసింది. వోల్టేజి −55 దాటి పైకి పోదు. పైకి పోనిది కిందికి దిగదు. “అప్పుడు రీపోలరైజేషన్‌కి పనే లేదండి” అంది. లీక్ చానళ్ళు మాత్రం అప్పుడు కూడా తెరిచే ఉంటాయి, విశ్రాంతి వోల్టేజి అలాగే ఉంటుంది. రెండు పొటాషియం దారుల తేడా ఈ ఒక్క ఉదాహరణలో పూర్తిగా కనిపిస్తుంది.

తరువాత ఎదురు ప్రశ్న: సోడియం చానళ్ళను వదిలేసి, వోల్టేజిని బట్టి పనిచేసే పొటాషియం చానళ్ళను మూస్తే? ప్రయోగశాలల్లో దీనికి టెట్రాఇథైల్ అమ్మోనియం వాడతారు. వోల్టేజి ఎప్పటిలాగే ఎక్కుతుంది, కాని దిగడం బాగా ఆలస్యమవుతుంది. పూర్తిగా ఆగిపోదు, ఎందుకంటే సోడియం చానళ్ళు నిష్క్రియం కావడం, లీక్ చానళ్ళ ద్వారా పొటాషియం పోవడం కొనసాగుతూనే ఉంటాయి. మొదటి చానల్‌ను మూస్తే రెండో ఘట్టమే రాదు, రెండోదాన్ని మూసినా మొదటి ఘట్టం వస్తుంది. ఏది ముందో ఏది వెనుకో తేల్చడానికి ఇంతకన్నా గట్టి ఆధారం అవసరం లేదు. క్షీరదాల మైలిన్ నాడుల్లో, రాన్వియర్ కణుపుల వద్ద వోల్టేజిని బట్టి పనిచేసే పొటాషియం చానళ్ళు చాలా తక్కువ, అక్కడ దిగుడులో ఎక్కువ పాత్ర సోడియం చానళ్ళ నిష్క్రియతది, లీక్ ప్రవాహానిది. ఈ సంగతి అధ్యాపకుడికి తెలిసి ఉండాలి గాని, రెండు దారుల తేడా ఇంకా స్థిరపడని విద్యార్థి దగ్గర ఎత్తకపోవడమే మంచిది.

ఇదే తర్కం చరిత్రలోనూ నడిచింది. 1949లో హాడ్జ్‌కిన్, కాట్జ్ అనే శాస్త్రవేత్తలు స్క్విడ్ అనే సముద్రజీవి పెద్ద ఆక్సాన్ చుట్టూ ఉన్న ద్రవంలో సోడియం తగ్గించి చూశారు. విశ్రాంతి వోల్టేజి పెద్దగా మారలేదు, యాక్షన్ పొటెన్షియల్ శిఖరం మాత్రం తగ్గింది, ఎక్కుడు కూడా నెమ్మదించింది. విశ్రాంతిలో ప్రధాన పాత్ర పొటాషియానిదని, ప్రచోదనాన్ని మొదలుపెట్టేది సోడియమని ఆ ఒక్క ప్రయోగం విడదీసి చూపుతుంది. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ ఈ రెండు ప్రవాహాలను వేరువేరుగా కొలిచి, సోడియం ప్రవాహం ముందు వేగంగా వచ్చి తగ్గిపోతుందని, పొటాషియం ప్రవాహం ఆలస్యంగా మొదలై నిలుస్తుందని చూపారు. ఈ ప్రయోగాలను కథలా చెప్పకుండా, ఫలితం ఏమై ఉంటుందో ముందుగా ఊహించమని అడిగాను. సోడియం తగ్గిస్తే విశ్రాంతి మారదని ఆమె సరిగ్గా ఊహించింది. లీక్ దారిని, గేటు దారిని ఆమె వేరు చేసుకుందని నాకు నమ్మకం కలిగింది ఆ జవాబుతోనే.

తరువాతి ఫలితాలు, మిగిలిన ఒక తప్పు

వెంటనే పెట్టిన పరీక్షలో సరిగా రాయడం పెద్దగా ఏమీ చెప్పదు గనుక సంక్రాంతి సెలవులు గడిచే వరకు ఆగాం. సెలవుల తరువాత మాటలు పూర్తిగా మార్చి, ‘పొర లోపలి వైపు తిరిగి రుణావేశితం కావడం’, ‘పొర సోడియానికి పారగమ్యం కావడం’ వంటి వాక్యాలతో ఇచ్చిన వరుస ప్రశ్నలను తప్పు లేకుండా గుర్తించింది. కాగితం అంచున పెన్సిల్‌తో −70, −55, +30 అని రాసుకుని, ఒక్కో సంఘటన పక్కన గీత గీసి కలిపిన గుర్తులు కనిపించాయి. ముక్కలు లేకుండానే ముక్కల పద్ధతి వాడుకుంది.

అదే పరీక్షలో ఇంకో తప్పు బయటపడింది. సోడియం-పొటాషియం పంపు వల్ల రీపోలరైజేషన్ జరుగుతుందన్న వాక్యాన్ని సరైనదిగా గుర్తించింది. ఇది కూడా చాలామంది చేసేదే. పంపు ఒక ఏటీపీ ఖర్చుతో 3 సోడియం అయాన్లను బయటికి, 2 పొటాషియం అయాన్లను లోపలికి పంపుతుంది. సోడియాన్ని బయటికి పంపేది అదే గనుక, లోపలికి వచ్చిన సోడియాన్ని తోడి పోసి వోల్టేజిని దించేది కూడా అదేనని తోచడం సహజం. పంపు పని చాలా నెమ్మది, దిగుడు సుమారు ఒక మిల్లీసెకనులో ముగిసిపోతుంది. పైగా ఒక ప్రచోదనంలో పొర దాటే అయాన్లు చాలా కొద్ది, లోపలి గాఢత దాదాపు మారదు. పంపును నిలిపివేసిన పెద్ద ఆక్సాన్ కూడా ఆ తరువాత ఎన్నో ప్రచోదనాలను పంపగలదు. వరుసలో పంపుకు విడిగా ఒక స్థానం లేదని, అది అన్ని దశల్లోనూ వెనుక నడుస్తూనే ఉంటుందని చెప్పడానికి ముక్కల వరుస కింద పొడవుగా ఒక అట్ట పెట్టి దాని మీద ‘పంపు’ అని రాశాం. రీపోలరైజేషన్ ఎక్కడ వస్తుందో నేర్పినంత మాత్రాన అది దేనివల్ల వస్తుందో తెలిసినట్టు కాదు, ఆ రెండింటినీ విడివిడిగా పరీక్షించాలి.

ఈ కేసు చూపిన ఇంకో విషయం

చివరిసారి కూర్చున్నప్పుడు విద్యార్థిని ఒక ప్రశ్న అడిగింది: “ఒక ప్రచోదనం అయిపోయిన వెంటనే రెండోది రావాలంటే, దానికి ముందు రీపోలరైజేషన్ జరగాలి కదండి మాస్టారూ. అప్పుడు నేను పెట్టిన వరుసే కరెక్టు కదండి?”

కరెక్టే. నిష్క్రియమైన సోడియం చానళ్ళు పొర తిరిగి రుణావేశితం అయితే గాని కోలుకోవు. అంతవరకు ఎంత ఉద్దీపన ఇచ్చినా అవి తెరుచుకోవు. ఆ వ్యవధినే సంపూర్ణ రిఫ్రాక్టరీ కాలం అంటాం. రెండో ప్రచోదనం వైపు నుంచి చూస్తే రీపోలరైజేషన్ ముందు జరగవలసిన షరతే, సోడియం చానళ్ళు తెరుచుకోవడం దాని తరువాతే. క, చ, ట, త అన్న వరుస తప్పా ఒప్పా అనేది ప్రశ్న ఎక్కడ మొదలవుతుందో దాని మీద ఆధారపడుతుంది.

అందువల్ల ప్రశ్నపత్రం తయారుచేసే వారికి ఒక బాధ్యత ఉంది. ‘నాడీ ప్రచోదనంలోని సంఘటనలను వరుసలో అమర్చండి’ అని మాత్రమే రాస్తే వలయంలో ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పినట్టు కాదు. విశ్రాంతి స్థితిని ఒక సంఘటనగా ఎంపికల్లో ఇస్తే చిక్కు ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే అది మొదట్లోనూ చివర్లోనూ ఉంటుంది. ‘పొటాషియం బయటికి పోవడం’ అని చానల్ పేరు లేకుండా ఇవ్వడం కూడా అలాంటిదే, లీక్ ప్రవాహాన్ని తలచుకున్న విద్యార్థిని తప్పుపట్టే వీలుండదు.

ఇప్పుడు మా విభాగంలో ఈ ప్రశ్న ఇలా ఇస్తున్నాం: ‘−70 మిల్లీవోల్టుల విశ్రాంతి స్థితిలో ఉన్న ఆక్సాన్ పొర మీద ఒక బిందువు వద్ద త్రెషోల్డ్ దాటే ఉద్దీపన ఒకే ఒక్కసారి అందింది. అప్పటి నుంచి ఆ బిందువు తిరిగి విశ్రాంతికి చేరే వరకు జరిగే కింది సంఘటనలను వరుసలో అమర్చండి.’ దీని వెంటనే ‘యాక్షన్ పొటెన్షియల్ శిఖరం నుంచి తరువాతి ప్రచోదనం మొదలయ్యే వరకు’ అని రెండో ప్రశ్న ఇస్తాం. మొదటి ప్రశ్నకు చ, ట, త, క అని, రెండో ప్రశ్నకు రీపోలరైజేషన్‌ను సోడియం చానళ్ళకు ముందు పెట్టి రాసిన విద్యార్థికి విషయం అర్థమైందని తీసుకుంటాం. రెండింటికీ ఒకే వరుస రాసినవారి చేతికి అట్టముక్కలు ఇస్తాం.